పత్ర సమర్పణలో అనుబంధ స్లైడ్ల ప్రణాళిక

సదస్సులో పత్ర సమర్పణకు 15 నిమిషాలు, ప్రశ్నలకు 5 నిమిషాలు ఇచ్చారనుకుందాం. పరిశోధకుడు సేకరించిన సమాచారమంతా ఆ వ్యవధిలో ఇమడదు. ప్రసంగంలో చోటు దొరకకపోయినా ప్రశ్నగా ఎదురుకాగల అంశాలకు ముగింపు స్లైడు తరువాత చేర్చుకొనేవే అనుబంధ స్లైడ్లు. మిగిలిపోయిన పట్టికలన్నింటినీ అక్కడ చేర్చడం ప్రణాళిక కాదు. ముందుగా ప్రశ్నలను రాసుకొని, వాటిని బట్టి స్లైడ్లను నిర్ణయించుకోవాలి.

ఒక ఊహాత్మక ఉదాహరణను పరిశీలిద్దాం. రెండు జిల్లాల్లోని నాలుగు గ్రామాలలో 24 మంది నేతకారులను కలిసి, మగ్గం పనిముట్ల పేర్లు ప్రాంతాన్ని బట్టి మారుతున్నాయని ఒక పరిశోధకుడు నిర్ధారించాడు. పర్యవేక్షకుని ముందు, సహ పరిశోధకుల ముందు ప్రసంగాన్ని అభ్యసించినప్పుడు అతనికి నాలుగు ప్రశ్నలు ఎదురయ్యాయి. వక్తలను ఎలా ఎంపిక చేశారు? ఈ పదాలు 1971 నాటి మాండలిక వృత్తి పదకోశం చేనేత సంపుటంలో ఉన్నాయా? సంభాషణలను రికార్డు చేశారా? ఈ భేదానికి కారణం ప్రాంతమా, వయసా?

రికార్డింగు గురించిన ప్రశ్నకు ఒక్క వాక్యం చాలు, స్లైడు అనవసరం. వక్తల ఎంపికకు గ్రామం, వయసు, వృత్తి అనుభవం చూపే పట్టిక కావాలి. పదకోశంతో పోలికకు రెండు వరుసల పదపట్టిక కావాలి. ఈ రెండూ అనుబంధంలో చేరతాయి.

నాలుగవ ప్రశ్న వీటి వంటిది కాదు. ఒక జిల్లాలో వృద్ధులను, మరొక జిల్లాలో యువకులను ఎక్కువగా కలిసి ఉంటే, ప్రాంతీయ భేదంగా కనిపించేది తరాల భేదమే కావచ్చు. ఒకే వయోవర్గానికి చెందినవారిని రెండు జిల్లాల మధ్య పోల్చి చూపనిదే నిర్ధారణ నిలవదు. అందువల్ల ఆ పోలిక ప్రధాన ప్రసంగంలోనే ఉండాలి. దానికోసం క్షేత్ర పర్యటన ఛాయాచిత్రాలను అనుబంధానికి తరలించవచ్చు. జవాబు లేకపోతే నిర్ధారణ కూలిపోయే ప్రశ్నను అనుబంధానికి వదిలితే, ఎవరూ అడగని పక్షంలో ఆ లోపం శ్రోతలకు తెలియకుండానే పోతుంది.

ఒక్కొక్క అనుబంధ స్లైడు ఒక్క ప్రశ్నకే పరిమితం కావాలి. “వక్తల వివరాలు” అనే శీర్షిక కంటే “రెండు జిల్లాల్లోనూ ప్రతి వయోవర్గం నుండి ఆరుగురు” అనే శీర్షిక మేలు. శ్రోత పట్టికను వెతకకముందే అతనికి సమాధానం అందుతుంది.

స్లైడు సిద్ధంగా ఉన్నా సమయానికి దొరకకపోతే ప్రయోజనం లేదు. పవర్‌పాయింట్ ప్రదర్శనలో స్లైడు సంఖ్యను టైపు చేసి Enter నొక్కితే నేరుగా అక్కడికి చేరవచ్చు. కాబట్టి ప్రశ్నలను, వాటి స్లైడు సంఖ్యలను ఒక కాగితంపై రాసుకోవాలి. స్లైడ్ల క్రమం మార్చిన ప్రతిసారీ ఆ సంఖ్యలను సరిచూడాలి. సమాధానం ముగిశాక ఇదే పద్ధతిలో ముగింపు స్లైడుకు తిరిగి వస్తే నిర్ధారణ మళ్లీ శ్రోతల కళ్లముందు ఉంటుంది.

ఐదు నిమిషాలలో మూడు నాలుగు ప్రశ్నలకు మించి అవకాశం ఉండదు. ఐదారు స్లైడ్లు దాటితే, కావలసినదాన్ని వెతకడంలోనే ఆ కొద్ది సమయం గడిచిపోతుంది.