పద్ధతి చదివించాలి, వివరం చెదరకూడదు

పరిశోధన పత్రంలో ఎక్కువమంది చదివేది సారాంశం. ఫలితాన్ని నమ్మాలా వద్దా అని తేల్చుకోవాలనుకున్నవారు తిరగేసేది పద్ధతుల విభాగం. ఈ రెండు భాగాలే చాలాసార్లు నిర్జీవంగా ఉంటాయి. ఒకే పొడవున్న వాక్యాలు, ఒకే రకం ముగింపు, ఏ పని ఎందుకు చేశారో చెప్పని వరస కనిపిస్తాయి. అంకెలు, సాంకేతిక పదాలు ఎక్కువ కావడమే దీనికి కారణమని అనుకుంటారు. కానీ అంకెలు చదువరిని ఆపవు. ఆ అంకె అక్కడ ఎందుకుందో తెలియకపోతేనే చదువరి ఆగిపోతాడు. అందుకే ఈ భాగాలను బాగుచేసేటప్పుడు అంకెను, పదాన్ని ముట్టుకోకుండా వాక్యాల వరసను, వాటి మధ్య సంబంధాన్ని సరిచేయాలి.

వరి విత్తనాల మొలక పరీక్షను ఉదాహరణగా తీసుకోవచ్చు. కోసిన కొత్తలో చాలా వరి రకాల గింజలు నిద్రావస్థలో ఉంటాయి. ప్రాణం ఉన్నా వెంటనే మొలకెత్తవు. పరీక్షకు ముందు వాటిని 50 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని రోజులు వేడిచేయడం నిద్రావస్థను తొలగించే పద్ధతుల్లో ఒకటి. అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘం నియమాల ప్రకారం మొలక పరీక్షకు 400 విత్తనాలు, అంటే వంద చొప్పున నాలుగు రెప్లికేషన్లు, వాడతారు. వరికి తుది లెక్క 14వ రోజున తీస్తారు. ఇలాంటి పరీక్ష మీద రాసిన పద్ధతుల విభాగం, కల్పించిన నమూనాగా, ఇలా ఉందనుకోవచ్చు:

"విత్తనాలు సేకరించబడ్డాయి. విత్తనాలు రెండు భాగాలుగా విభజించబడ్డాయి. ఒక భాగం 50 డిగ్రీల వద్ద 5 రోజులు వేడిచేయబడింది. ప్రతి భాగం నుండి 400 విత్తనాలు తీసుకోబడ్డాయి. విత్తనాలు తడి కాగితంపై ఉంచబడ్డాయి. ఉష్ణోగ్రత 25 డిగ్రీల వద్ద నిర్వహించబడింది. 14వ రోజున మొలకలు లెక్కించబడ్డాయి."

ఇందులో చెప్పినది ఏదీ తప్పు కాదు. అయినా ప్రతి వాక్యానికీ ఒకే బరువు ఉంది. విత్తనాలను వేడిచేయడం ఈ ప్రయోగానికి మూలం. కాగితాన్ని తడపడం మామూలు పని. రెండూ ఒకే స్థాయిలో కనిపిస్తున్నాయి. పైగా ప్రతి క్రియా "బడింది", "బడ్డాయి" అని ముగియడంతో పని చేసినవారు మాయమయ్యారు. దీన్ని ఇలా మార్చవచ్చు:

"కొత్తగా కోసిన విత్తనాల నిద్రావస్థ వేడికి తొలగుతుందో లేదో చూడడానికి, సగం విత్తనాలను 50 డిగ్రీల సెల్సియస్ వద్ద 5 రోజులు వేడిచేశాం. మిగతా సగాన్ని పోలిక కోసం వేడిచేయకుండా ఉంచాం. ఒక్కో భాగం నుంచి 400 విత్తనాలు తీసి, వంద చొప్పున నాలుగు రెప్లికేషన్లుగా తడి కాగితంపై పరిచి, 25 డిగ్రీల వద్ద ఉంచాం. 14వ రోజున సాధారణ మొలకలను మాత్రమే లెక్కించాం."

రెండో రూపంలో ప్రయోగం ఎందుకు చేశారన్నది ముందుగా తెలుస్తుంది. పోలికలోని రెండు వైపులూ పక్కపక్కనే ఉన్నాయి. మామూలు పనులన్నీ ఒకే వాక్యంలో ఇమిడిపోయాయి. కానీ మొదటి రూపంలో లేని నాలుగు విషయాలు ఇక్కడ చేరాయి. వేడిచేయడం వెనకున్న ఉద్దేశం, వేడిచేయని సగాన్ని పోలికకు వాడడం, నాలుగు రెప్లికేషన్లు, సాధారణ మొలకల షరతు. భాషను దిద్దేవారు వీటిని ఊహించి రాయకూడదు. పరిశోధకుణ్ని అడిగి, ప్రయోగం నోటు పుస్తకంలో చూసి నిర్ధారించుకున్నాకే చేర్చాలి. ముఖ్యంగా చివరి షరతు ఫలితాన్నే మారుస్తుంది. వేరు, కాండం సరిగా ఎదిగిన మొలకలనే సాధారణ మొలకలుగా లెక్కిస్తారు. వంకర తిరిగినవి, కుళ్లినవి అసాధారణ మొలకల లెక్కలోకి పోతాయి. ఈ షరతు లేకపోతే అదే పరీక్షను మళ్లీ చేసినవారికి వేరే శాతం వస్తుంది.

విత్తనాలను యాదృచ్ఛికంగా ఎంచుకున్నారా, లెక్కించినవారికి ఏవి వేడిచేసినవో తెలుసా అన్నవి కూడా రెండు రూపాల్లోనూ లేవు. "లెక్కించబడ్డాయి" అన్న ముగింపులో ఈ లోపం దాక్కుంటుంది. "లెక్కించాం" అని రాయబోతే ఎవరు, ఎలా అన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. నేచర్ పత్రిక కూడా రచయితలకు కర్తను చెప్పే వాక్యాలే వాడమని సూచిస్తుంది. చదవడానికి తేలికైన వాక్యమే ఇక్కడ ఖచ్చితత్వానికీ తోడ్పడుతుంది.

వాక్యంలో ఏది ఎక్కడ ఉండాలన్నది తరువాతి సంగతి. 1990లో అమెరికన్ సైంటిస్ట్ పత్రికలో జార్జ్ గోపెన్, జుడిత్ స్వాన్ రాసిన వ్యాసం ఇంగ్లీషు వాక్యాల గురించి ఒక సూత్రం చెప్పింది. చదువరికి అప్పటికే తెలిసినది మొదట, కొత్తది చివర ఉండాలన్నది దాని సారం. తెలుగులో చివరి చోటు క్రియది. అందువల్ల నొక్కిచెప్పాల్సిన విషయం సాధారణంగా క్రియకు ముందు వస్తుంది. "మొలకలను 14వ రోజున లెక్కించాం" అంటే రోజు ముఖ్యం. "14వ రోజున సాధారణ మొలకలను లెక్కించాం" అంటే వేటిని లెక్కించారన్నది ముఖ్యం. అంకెలు మారకుండానే చదువరి దృష్టి సరైన చోటికి చేరుతుంది.

పదాల విషయంలో మాత్రం వైవిధ్యం పనికిరాదు. ఒకచోట "సాధారణ మొలకలు" అని రాసి, పునరుక్తి అవుతుందని మరోచోట "ఆరోగ్యకరమైన నారు" అంటే, అది వేరే కొలత అని చదువరి అనుకుంటాడు. ఒక కొలతకు ఒకే పేరు చివరిదాకా ఉండాలి. అలాగే "సుమారు", "కనీసం", "తో సంబంధం ఉంది" వంటి పరిమితులను వాక్యం సాఫీగా సాగడం కోసం తొలగించకూడదు. "సంబంధం ఉంది" అన్నది "కారణమైంది"గా మారితే భాష బాగుపడినట్టు కనిపిస్తుంది గాని, ప్రయోగం చేయని వాదన పత్రంలోకి వచ్చి చేరుతుంది.

సారాంశంలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. "ప్రస్తుత అధ్యయనంలో వేడి ప్రభావం పరిశీలించబడింది, ఫలితాలు చర్చించబడ్డాయి" అన్న వాక్యం చదువరికి ఏమీ ఇవ్వదు. చర్చించిన ఫలితమే అక్కడ ఉండాలి. పై నమూనాలో వేడిచేసిన విత్తనాల్లో 91 శాతం, వేడిచేయనివాటిలో 64 శాతం సాధారణ మొలకలు వచ్చాయనుకుంటే, రెండు అంకెలూ సారాంశంలో రాయాలి. దాన్ని కుదించి "మొలక 27 శాతం పెరిగింది" అనడం తప్పు. తేడా 27 శాతం పాయింట్లు. 64తో పోలిస్తే పెరుగుదల దాదాపు 42 శాతం. వాడుక మాటల్లో ఈ రెండూ కలిసిపోతాయి కాబట్టి అసలు అంకెలు రెండింటినీ ఇవ్వడమే క్షేమం. పరీక్ష ఒకే రకంపై, ఒకే సీజన్‌లో జరిగి ఉంటే ఆ మాట కూడా చెప్పాలి. లేకపోతే "వరి విత్తనాలకు వేడి మేలు చేస్తుంది" అన్న సాధారణ సూత్రంలా అది వినిపిస్తుంది.

దిద్దుబాటు పూర్తయ్యాక పాత ప్రతి, కొత్త ప్రతి పక్కపక్కన పెట్టి చూడాలి. పాతదాంట్లోని ప్రతి అంకెనూ దాని కొలమానంతో సహా ఒక జాబితాగా రాయాలి. దేనితో దేన్ని పోల్చారు, ఏ షరతుతో లెక్కించారు, ఎంత నిశ్చయంగా చెప్పారు అన్నవీ అందులో ఉండాలి. కొత్త ప్రతిలో ఒక్కో అంశాన్నీ వెతికి గుర్తు పెట్టాలి. దొరకనిది పోయినట్టు, జాబితాలో లేనిది కొత్తగా చేరినట్టు. చేరినదానికి ప్రయోగం నోటు పుస్తకంలో ఆధారం లేకపోతే దాన్ని తీసేయాలి. తరువాత ఆ పరీక్షలు చేయడం అలవాటున్న, కానీ ఈ ప్రయోగం తెలియని ఒకరికి పత్రం ఇచ్చి, దీన్ని చూసి పరీక్ష చేయగలరా అని అడగాలి. వారు ఎక్కడ ప్రశ్న వేస్తే అక్కడ వివరం లోపించినట్టు.

కొన్ని భాగాలకు ఈ దిద్దుబాటు అవసరం లేదు. రసాయనాల గాఢతలు, పరికరాల పేర్లు, వరసగా చేయాల్సిన దశలు జాబితాగానో పట్టికగానో ఉండడమే మంచిది. వాటిని చదివేవారు వివరం వెతుక్కోవడానికి వస్తారు. వాక్యాలుగా రాయాల్సింది నిర్ణయాలను. ఏ పోలిక ఎందుకు ఎంచుకున్నారు, ఏది లెక్కలోకి తీసుకున్నారు, దేన్ని వదిలేశారు అన్నవి పట్టికలో ఇమడవు. వాటిని కారణంతో సహా చెప్పినప్పుడే చదువరి ఫలితాన్ని తనంతట తాను తూచుకోగలుగుతాడు.