బీపీ మాత్ర సరిపోదా? ప్రీఎక్లాంప్సియాకి కాన్పే ఎందుకు మందు



"బీపీ పెరిగింది, యూరిన్‌లో ప్రోటీన్ పోతోంది. 37 వారాలకే నొప్పులు తెప్పించి కాన్పు చేద్దాం" అని డాక్టర్ చెప్పగానే, సాయానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మలకు, అత్తగార్లకు రెండు సందేహాలు వస్తాయి. బీపీకి మాత్ర ఇచ్చి నెలలు నిండనివ్వకూడదా? పోనీ, మంచి ముహూర్తం చూసుకుని నాలుగు రోజులు ఆగవచ్చా? నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. కానీ ఈ జబ్బు ఎక్కడ పుడుతుందో తెలిస్తే రెండు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది కాబట్టి, మామూలు మాటల్లో చెప్పే ప్రయత్నం చేస్తున్నాను.

జబ్బు మూలం మాయలో ఉంది

గర్భం మొదటి నెలల్లో మాయ గర్భసంచి గోడలోకి పాతుకుంటుంది. అప్పుడు అక్కడి సన్నటి రక్తనాళాలు బాగా వెడల్పు కావాలి. కొందరిలో అవి సరిగా వెడల్పు కావు. బిడ్డ పెరిగేకొద్దీ మాయకు రక్తం చాలదు. రక్తం చాలని మాయ కొన్ని పదార్థాలను తల్లి రక్తంలోకి వదులుతుంది. అవి తల్లి ఒంట్లోని రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి.

ఆ పొర దెబ్బతింటే నాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. కిడ్నీల్లోని వడపోత పాడై ప్రోటీన్ మూత్రంలోకి జారుతుంది. లివర్, మెదడు, కళ్లు కూడా ఆ దెబ్బకు లోనవుతాయి. అంటే బీపీ ఈ జబ్బుకు ఒక లక్షణం మాత్రమే. మాత్ర బీపీని దించి తల్లిని పక్షవాతం వంటి ప్రమాదం నుంచి కాపాడుతుంది, కాబట్టి అది అవసరమే. కానీ మాయ తన పని మానదు. మాయ బయటికి వస్తేనే ఆ పదార్థాలు రక్తంలో తగ్గుతాయి. మాయ బయటికి రావాలంటే కాన్పు కావాలి.

మూలం మాయే అనడానికి ఒక నిదర్శనం ఉంది. ముత్యాల గర్భం అని వింటుంటాం. అందులో బిడ్డ అసలు ఏర్పడకుండా మాయ మాత్రమే అసహజంగా పెరుగుతుంది. బిడ్డ లేని అలాంటి గర్భంలోనూ ఈ జబ్బు వస్తుంది.

ఎలా తెలుస్తుంది?

మొదట్లో చాలామందికి ఏ బాధా ఉండదు. అందుకే ప్రతి విజిట్‌లో బీపీ, యూరిన్ చూస్తారు. 20 వారాలు దాటాక కనీసం నాలుగు గంటల తేడాతో రెండుసార్లు బీపీ 140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉండి, మూత్రంలో ప్రోటీన్ పోతుంటే ప్రీఎక్లాంప్సియా అంటారు. పై అంకె, కింది అంకె రెండూ పెరగనక్కర్లేదు, ఏ ఒక్కటి పెరిగినా లెక్కే.

ముదిరినప్పుడు కనిపించే గుర్తులు ఇవి:

- టైలెనాల్ వేసుకున్నా తగ్గని తలనొప్పి
- కళ్ల ముందు మెరుపులు, చుక్కలు, చూపు మసకబారడం
- కుడివైపు పక్కటెముకల కింద లేదా పొట్ట పైభాగంలో నొప్పి
- ఊపిరి ఆడకపోవడం
- ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బడం

వీటిలో పొట్ట నొప్పి దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. అది లివర్ దెబ్బతింటున్న నొప్పి కావచ్చు. ఇంట్లో "గ్యాస్ అయ్యుంటుంది, కాస్త వాము నీళ్లు తాగు" అంటారు. ఏడో నెల, ఎనిమిదో నెలలో ఆ చోట నొప్పి వస్తే ముందు బీపీ చూడండి, హాస్పిటల్‌కు ఫోన్ చేయండి. సాయంత్రానికి పాదాలు వాయడం మాత్రం చాలామంది గర్భిణులకు మామూలే. ఉప్పు మానేసినంత మాత్రాన ఈ జబ్బు తగ్గదు.

పట్టించుకోకపోతే ఫిట్స్ రావచ్చు. మన వైపు పెద్దలు గుర్రపు వాతం అనేది దాన్నే.

ఒక ఉదాహరణ చూద్దాం

ఇది వివరించడానికి ఊహించి రాసిన ఉదాహరణ. ఒకావిడకు తొలి కాన్పు. మూడో నెలలో బీపీ 108/68. 35 వారాల విజిట్‌లో 144/92 వచ్చింది. ఐదు గంటల తర్వాత మళ్లీ చూస్తే 146/90. యూరిన్‌లో ప్రోటీన్ ఉంది. రక్త పరీక్షలు బాగున్నాయి, బాధలేవీ లేవు. అంటే జబ్బు ఉంది, కానీ ముదరలేదు. ఇప్పుడే కాన్పు చేస్తే బిడ్డ కొంచెం ముందుగా పుడుతుంది, ఆగితే తల్లికి ప్రమాదం పెరుగుతుంది. అందుకని తరచూ బీపీ, వారం వారం రక్త పరీక్షలు, బిడ్డ గుండె పరీక్ష చేస్తూ 37 వారాలు నిండగానే కాన్పు అనుకున్నారు. ఆ పైన ఆగడం వల్ల బిడ్డకు పెద్దగా ఒరిగేది ఉండదు, తల్లికి ప్రమాదం మాత్రం మిగులుతుంది.

36 వారాల 2 రోజులకు, శనివారం రాత్రి తలనొప్పి మొదలైంది. టైలెనాల్‌తో తగ్గలేదు. ఇంట్లో చూస్తే బీపీ 164/108. సోమవారం దాకా ఆగకుండా లేబర్ అండ్ డెలివరీకి వెళ్లారు. అక్కడ పావుగంటలో మళ్లీ చూస్తే 166/112. 160/110 స్థాయి దాటి అలాగే ఉంటే గంటలోపే మందు పడాలి. బీపీ మందు ఇచ్చారు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ డ్రిప్ పెట్టారు. రక్తంలో ప్లేట్‌లెట్లు 96,000కు పడిపోయాయి. ఇక 37 వారాల ప్రణాళిక పక్కన పెట్టి, ఆ రాత్రే నొప్పులు తెప్పించారు. ఆపరేషన్ తప్పనిసరేం కాదు, తల్లీబిడ్డా తట్టుకోగలిగితే మామూలు కాన్పే అవుతుంది.

జబ్బు ముదిరితే 34 వారాలు దాటినవారికి కాన్పు ఆపరు. అంతకంటే ముందే వస్తే, తల్లి పరిస్థితి నిలకడగా ఉన్నంతవరకు హాస్పిటల్‌లోనే ఉంచి, బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు.

ముహూర్తం మాటేమిటి?

డాక్టర్ ఇచ్చిన గడువు లోపల రెండు మూడు రోజులు వీలుంటే, వారిని అడిగి రోజు ఎంచుకోవడంలో తప్పు లేదు. గడువు దాటి ఆగమని మాత్రం అడగకూడదు. పైన చెప్పిన ఉదాహరణలో శనివారం రాత్రి చేసిన పరీక్షలే సమయాన్ని నిర్ణయించాయి. బిడ్డ పుట్టిన ఘడియను బట్టి జాతకం తర్వాత ఎలాగూ రాయించుకోవచ్చు.

కాన్పు తర్వాత వారం

మాయ బయటికి వచ్చిన మరుక్షణమే అన్నీ సర్దుకోవు. మెగ్నీషియం సాధారణంగా మరో 24 గంటలు కొనసాగిస్తారు. బీపీ మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య మళ్లీ ఎక్కువగా పెరుగుతుంది. సరిగ్గా అప్పటికి బాలింత ఇంటికి వచ్చేసి ఉంటుంది, అందరి కళ్లూ బిడ్డ మీదే ఉంటాయి. మొదటిసారిగా ఈ జబ్బు కాన్పు తర్వాత బయటపడేవారూ ఉన్నారు. ఆరు వారాల వరకు ఇది రావచ్చు.

అందుకని ఇంటికి వచ్చాక రోజుకు రెండుసార్లు బీపీ రాసిపెట్టండి. ఐదు నిమిషాలు కూర్చుని, వీపు ఆనించి, పాదాలు నేలకు పెట్టి, పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చూసుకోవాలి. 150/100 వస్తే అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయండి. 160/110 వచ్చినా, తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే హాస్పిటల్‌కు వెళ్లండి. ఫిట్స్ వస్తే 911. ఎమర్జెన్సీలో చెప్పవలసిన మొదటి మాట: "ఫలానా రోజున కాన్పయింది." బాలింత అని తెలియకపోతే మామూలు తలనొప్పిగా చూసే ప్రమాదం ఉంది.

ఒకసారి ఈ జబ్బు వచ్చినవారు మళ్లీ గర్భం దాల్చినప్పుడు మొదటి విజిట్‌లోనే ఆ సంగతి చెప్పండి. 12 వారాల తర్వాత, వీలైతే 16 వారాల లోపు, డాక్టర్ తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. అది జబ్బును పూర్తిగా ఆపదు గానీ, వచ్చే అవకాశాన్ని తగ్గిస్తుంది.