మందుల బిల్లు: షీటు మీది ధర, అడుగున ఉన్న మొత్తం

రక్తపోటు, మధుమేహం వంటి దీర్ఘవ్యాధులున్న ఇంట ప్రతి నెలా మందుల దుకాణానికి వెళ్ళక తప్పదు. బిల్లు అడుగున ముద్రించిన మొత్తాన్ని చూసి డబ్బు చెల్లిస్తాం. ఆ మొత్తానికి పైనున్న గడులను చదివేవారు అరుదు. 2025 సెప్టెంబరు 22 తర్వాత ఆ గడులను చదవవలసిన అవసరం మునుపటి కంటే ఎక్కువైంది. ఆ రోజు నుండి చాలా ఔషధాలపై జి.ఎస్.టి. 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. ఆయుర్వేద మందులకూ ఈ తగ్గింపు వర్తించింది. అయితే పాత ధర ముద్రించిన షీట్లు దుకాణాల అరలలో మిగిలే ఉన్నాయి. మాత్రల గడువు సాధారణంగా రెండు, మూడేళ్ళు ఉంటుంది కనుక అవి ఒక్కసారిగా కనుమరుగు కావు.

ఎల్లారెడ్డిలో ఉంటున్న మా పరిచితులొకరు, విశ్రాంత ఉపాధ్యాయులు, 2025 డిసెంబరులో కామారెడ్డి వెళ్ళి వైద్యునికి చూపించుకుని, అక్కడే ఒక దుకాణంలో మందులు కొని సాయంత్రం బస్సుకు ఇల్లు చేరారు. "నూటికి పది తగ్గించిండు" అని సంతోషంగా చెప్పారట. మందులను డబ్బాలో సర్దుతున్న కోడలు, "మామా, ఈ మూడు షీట్లు ఒక్కతీరు లేవు, జర చూడుండ్రి" అన్నది. ఆ ఒక్క మాటతో బిల్లు అంతా విప్పి చూడవలసి వచ్చింది.

బిల్లులో మూడు వరుసలున్నాయి. మొదటిది రక్తపోటు మాత్రలు, పదేసి ఉన్న షీట్లు మూడు, షీటు 96 రూపాయల చొప్పున 288. రెండవది మధుమేహం మాత్రలు ఇరవై, 60 రూపాయలు. మూడవది త్రిఫలా చూర్ణం డబ్బీ ఒకటి, 84 రూపాయలు. కూడితే 432. అందులో పది శాతం తగ్గింపు 43.20 పోగా 388.80. దానిపై జి.ఎస్.టి. 5 శాతం, అనగా 19.44 కలిపి 408.24. పైసలు వదిలి 408 రూపాయలు. కూడికలో, తీసివేతలో తప్పు లేదు. తప్పు వేరొకచోట ఉన్నది.

ముందుగా మాత్రల సంఖ్యను చూద్దాం. మధుమేహం మాత్రల షీటులో పదిహేను ఉంటాయి, షీటు ధర 45. వైద్యుడు వ్రాసినవి ఇరవై. అంటే ఒక షీటు, విడిగా ఐదు మాత్రలు. షీటును కత్తిరించి ఇచ్చినపుడు విడి మాత్రలకు దామాషా ధర కంటే ఎక్కువ తీసుకోరాదని 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు చెబుతున్నది. మాత్ర 3 రూపాయలు, ఇరవైకి 60. ఈ వరుస సరిగానే ఉన్నది. పరిమాణం గడిలో కొన్ని దుకాణాలు షీట్ల సంఖ్య వేస్తాయి, కొన్ని మాత్రల సంఖ్య వేస్తాయి. ధర షీటుకా, మాత్రకా అని తేల్చుకోకుండా గుణిస్తే మనమే పొరబడతాం.

ఇక రక్తపోటు మాత్రలు. బిల్లులో ఒకే బ్యాచి నంబరు ఉన్నది. చేతిలోని షీట్లలో మాత్రం ఒకటి ఆ బ్యాచిది, దానిపై ధర 96. మిగిలిన రెండూ వేరే బ్యాచివి, వాటిపై 90. దుకాణదారు మూడింటినీ పాత బ్యాచి క్రిందే వేసి, మూడింటికీ 96 చొప్పున లెక్కకట్టాడు. షీట్ల మీది ధరల ప్రకారమైనా 276 మాత్రమే కావాలి.

అసలు ఇవ్వవలసినది అంతకన్నా తక్కువ. పన్ను తగ్గినపుడు తయారీదారులు సవరించిన ధరల పట్టికలను దుకాణాలకు పంపాలని, పాత సరుకును ఆ కొత్త ధరకే అమ్మితే దానిపై మళ్ళీ ముద్ర వేయనక్కరలేదని జాతీయ ఔషధ ధరల నిర్ణయ సంస్థ తెలిపింది. షీటు మీది ధర, ప్రస్తుత పట్టికలోని ధర, ఈ రెంటిలో ఏది తక్కువో అదే గరిష్ఠ ధర. కనుక పాత షీటుకూ 90 మాత్రమే. మూడింటికి 270.

పట్టిక చేతిలో లేనివారు పాత షీటు ధరను ఇలా సరిచూసుకోవచ్చు. 112 రూపాయల ధరలో 12 పన్ను అనుకుంటే, కొత్త లెక్కలో అది 105 అవుతుంది. తగ్గినది 7, అంటే సరిగ్గా పదహారవ వంతు. పెద్దల కాలపు లెక్కలో చెప్పాలంటే రూపాయికి అణా. 96లో పదహారవ వంతు 6, మిగిలినది 90. ముందునుండే 5 శాతంలో ఉన్న ఇన్సులిన్ వంటి వాటికి మాత్రం ఈ అణా లెక్క పనికిరాదు.

తర్వాత పన్ను గడి. గరిష్ఠ చిల్లర ధర అంటేనే అన్ని పన్నులూ కలిపిన ధర. ఈ విషయంలో చూర్ణం డబ్బీకి, మాత్రల షీటుకు భేదం లేదు. బిల్లులో కేంద్ర పన్ను, రాష్ట్ర పన్ను అని రెండు గడులు కనిపించడం తప్పు కాదు. అవి ధరలో ఇమిడి ఉన్న పన్నును విడదీసి చూపడానికే. వాటిని ధరపై మళ్ళీ కలిపితేనే తప్పు. గుర్తించే విధం తేలిక: తగ్గింపు పోగా మిగిలిన మొత్తం కంటే అడుగున ఉన్న మొత్తం పెద్దదైతే పన్ను రెండవసారి పడిందన్నమాట. పైసలు సరిచేయడం వల్ల వచ్చే తేడా రూపాయికి మించదు.

సరియైన లెక్క ఇది: 270, 60, 84 కూడితే 414. పది శాతం 41.40 పోగా 372.60. అందులోని పన్ను తెలియాలంటే 21తో భాగించాలి, 17.74 వస్తుంది. దీనిని చూపవచ్చు గాని కలపరాదు. చెల్లించవలసినది 373. చెల్లించినది 408. తేడా 35 రూపాయలు. పదిశాతం తగ్గింపు అని మురిసిన చోట అందినది నూటికి రూపాయి నలభై ఐదు పైసలు మాత్రమే.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. తగ్గింపు ఇవ్వడం దుకాణదారు ఇష్టం, చట్టం దానిని విధించదు. 408 అనేది 414 కంటే తక్కువే. గరిష్ఠ ధరను నిజంగా మించినది రక్తపోటు మాత్రల వరుస ఒక్కటే. 288లో పదిశాతం తీసి, పన్ను కలిపితే 272.16 వచ్చింది, అంటే 2.16 ఎక్కువ. మిగిలిన తేడా మాట తప్పిన తగ్గింపుకు సంబంధించినది. దుకాణంలో అడిగేటపుడు ఈ రెంటినీ విడివిడిగా అడిగితే సమాధానం త్వరగా దొరుకుతుంది.

బ్యాచి నంబరు విషయంలో డబ్బు కంటే పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. ఏదైనా బ్యాచి నాణ్యత లేనిదని ఔషధ నియంత్రణ అధికారులు ప్రకటిస్తే, ఆ మందు మనం కొన్నామనడానికి ఆధారం బిల్లులోని ఆ నంబరే. షీటు ఒక బ్యాచిది, బిల్లు మరొక బ్యాచిది అయితే వాపసు అడగడం కష్టమవుతుంది. కనుక షీటును చివరి మాత్ర వరకూ బ్యాచి నంబరు, గడువు తేదీ ఉన్న అంచు మిగిలేటట్లు వాడుకోవాలి.

ఎల్లారెడ్డి వంటి చోట్ల చిన్న దుకాణాల బిల్లులో పన్ను గడి అసలు లేకపోతే అనుమానించనక్కరలేదు. కాంపోజిషన్ పథకంలో ఉన్న వ్యాపారి కొనుగోలుదారు నుండి పన్ను వసూలు చేయకూడదు. అతని చీటీలో పన్ను కనిపిస్తేనే ప్రశ్నించాలి.

ఆ ఉపాధ్యాయులు మరుసటి వారం బిల్లును, మూడు షీట్లను పట్టుకుని కామారెడ్డి వెళ్ళారు. దుకాణదారు కంప్యూటరులో పాత ధర మార్చలేదని ఒప్పుకుని, 35 రూపాయలు తిరిగి ఇచ్చి, రెండు బ్యాచిలనూ విడివిడిగా చూపుతూ కొత్త బిల్లు వ్రాసి ఇచ్చాడు. అలా ఇవ్వనివారిపై జాతీయ ఔషధ ధరల నిర్ణయ సంస్థకు 1800 111 255 నంబరులో, లేదా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు, షీటు రెండూ చేతిలో ఉంచుకుని మాట్లాడాలి.