మీటరు కాదు, లిఫ్ట్ చూడండి

రెండేళ్ల కిందట, నారుమళ్లు పోసే రోజుల్లో, మా మేనమామ సెకండ్‌హ్యాండ్ ట్రాక్టర్ కొంటానంటే ఆయన వెంట నేనూ తిరిగాను. తణుకు దగ్గర ఆరెకరాల వరి ఆయనది. దమ్ముకు సొంత బండి ఉంటే, మిగిలిన రోజుల్లో నాలుగు కిరాయిలు కూడా తోలుకోవచ్చని ఆలోచన. చివరికి రెండు బండ్ల దగ్గర ఆగాం. రెండూ 45 హెచ్‌పీ చుట్టుపక్కలవే, రెండూ ఎనిమిదేళ్ల పాతవే. ఒకటి ఆటో కన్సల్టెన్సీలో ఉంది. కొత్త రంగు, నల్లగా మెరిసే టైర్లు, మీటరులో 2,310 గంటలు. రెండోది పక్క ఊరి రైతు పాకలో ఉంది. రంగు వెలిసిపోయింది, సీటు చిరిగింది, మీటరులో 5,100 గంటలు. మామయ్య చూపు మొదటిదాని మీదే నిలిచింది. మాతో వచ్చిన మెకానిక్ మాత్రం ఒకటే మాటన్నాడు: "ముందు గంటలు లెక్కెయ్యండి బాబాయ్."

ఆయన వేసిన లెక్క ఇది. డెల్టాలో కిరాయికి తిరిగే బండి దమ్ము రోజుల్లో రోజుకు పది గంటలు నడుస్తుంది. సార్వాకు ముప్పై రోజులు, దాళ్వాకు ముప్పై రోజులు అనుకున్నా ఏడాదికి 600 గంటలు. ఎనిమిదేళ్లకు 4,800. ట్రాలీ తోలినవి, వేసవి దుక్కులు దీనికి అదనం. కన్సల్టెన్సీ బండి కిరాయికి తిరిగిందేనని వాళ్లే చెప్పారు. అలాంటప్పుడు మీటరులో 2,310 ఎలా ఉంటుంది?

పాత తరహా మెకానికల్ మీటరు గడియారం లాంటిది కాదు. ఇంజన్ తిరిగే చుట్లను బట్టి అది ముందుకు జరుగుతుంది. ఇంజన్ నిర్ణీత వేగంతో తిరిగితేనే గంటకు గంట పడుతుంది. స్లోలో ఉంటే గంటకు అరగంటే పడొచ్చు. కాబట్టి ట్రాలీ తోలిన బండికి మీటరు కొంత తక్కువ చూపడం మోసమేమీ కాదు. కానీ రోటావేటర్ పని ఎక్సలేటరు తొక్కిపెట్టి చేసేది. ఆ పని చేసిన బండికి గంటలు తగ్గవు. తగ్గాయంటే మీటరు కేబుల్ ఊడి ఉండాలి, లేదా మీటరే మారి ఉండాలి.

అందుకే మీటరు చూపే అంకెకు సాక్ష్యం కావాలి. మెకానిక్ ముందు క్లచ్ పెడల్ రబ్బరు చూశాడు. తర్వాత వెనక కింది లింకుల్లో పిన్ను తిరిగే కన్నాలు చూశాడు. గుండ్రంగా ఉండాల్సిన కన్నం కోడిగుడ్డులా సాగిపోయింది. చాలా టైర్ల పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. ఆ ముద్ర ఆర్‌సీలోని తయారీ ఏడాదికి చాలా తర్వాతిదైతే, మొదటి జత టైర్లు అరిగి పోయాయని అర్థం. రెండు వేల గంటలకే వెనక టైర్లు ఎందుకు మార్చాల్సొచ్చిందని అడగాలి. మేము అడిగితే కన్సల్టెన్సీ ఆయన టీ తెప్పించాడు గానీ జవాబు చెప్పలేదు.

అసలు పరీక్ష లిఫ్ట్‌కే. ఇంజన్ పాడైతే పొగ చెబుతుంది, చప్పుడు చెబుతుంది. హైడ్రాలిక్స్ సంగతి బరువు పెడితేనే బయటపడుతుంది. అదీ నూనె వేడెక్కాకే. చల్లటి నూనె చిక్కగా ఉంటుంది. అరిగిన సీళ్ల సందుల్లోంచి తొందరగా జారదు. వేడెక్కి పలచబడ్డాక జారిపోతుంది. అందుకే ఖాళీ లిఫ్ట్‌ని రెండుసార్లు లేపి దించి "చూశారుగా" అంటే ఒప్పుకోకూడదు. రోటావేటరో గొర్రో తగిలించి అరగంట పని చేయించాలి.

తర్వాత మూడు సంగతులు చూడాలి. ఇంజన్ స్లోలో ఉండగా రోటావేటర్ కుదుపు లేకుండా పైకి రావాలి. చల్లగా ఉన్నప్పుడు లేచి, వేడెక్కాక మొరాయిస్తే పంపు అరిగిందని మొదటి అనుమానం. ఇక పైకి లేపి లివరు అలాగే వదిలేయాలి. బరువు కొంచెం దిగి, మళ్లీ తనంతట తానే లేచి, ఇలా తలాడిస్తూ ఉంటే లోపల ఎక్కడో నూనె కారుతోంది. ఆఖరున ఇంజన్ ఆపి, నేల నుంచి రోటావేటర్ అడుగు వరకు టేపుతో కొలిచి, పది నిమిషాల తర్వాత మళ్లీ కొలవాలి. పాత బండికి కొద్దిగా జారడం మామూలే. రెండు నిమిషాల్లో నేలకు ఆనిందంటే ర్యామ్ సీలు గానీ, సిలిండరు గానీ, వాల్వు గానీ పోయినట్టే. ఏది పోయిందో విప్పితేగాని తెలియదు. ఆ ఖర్చు ధరలో తగ్గించుకోవాలి.

కన్సల్టెన్సీ బండి రోటావేటర్ మూడో నిమిషానికి నేల తాకింది. డిప్‌స్టిక్ తీస్తే నూనె మజ్జిగలా తెల్లగా ఉంది. నూనెలో నీళ్లు కలిశాయన్నమాట. దమ్ములో ఇనుప చక్రాలతో తిరిగే బండికి సీళ్లు అరిగాక బురదనీరు లోపలికి పోతుంది. చాలా మోడళ్లలో లిఫ్ట్‌కీ గేర్‌బాక్స్‌కీ నూనె ఒకటే. ఆ నీళ్లు లిఫ్ట్‌తో ఆగవు, గేర్ల బేరింగుల దాకా పోతాయి. నూనె మార్చాలన్నా పదుల లీటర్లు కావాలి.

రైతు బండి పది నిమిషాల్లో రెండు వేళ్ల మందం జారింది. నూనె రంగు బాగుంది. ఇంజన్ వేడెక్కాక ఆయిల్ పోసే మూత తీస్తే పొగ ఎగదన్నలేదు. అంటే రింగులు, లైనర్లు ఇంకా పట్టు మీదే ఉన్నాయి. ఇంజన్‌ని మేము వెళ్లాకే, చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాం. ముందే వేడి చేసి పెట్టిన బండి స్టార్టింగ్ లోపాన్ని దాచేస్తుంది.

ఇక కంపెనీ మాట. మహీంద్రానా, స్వరాజా, మాస్సీనా, సోనాలికానా అని రచ్చబండ దగ్గర తెగని వాదన ఉంది. పాత బండి కొనేవాడికి దాని కంటే ముఖ్యమైన ప్రశ్న వేరు: ఆ మోడల్‌ని మీకు దగ్గర్లో ఎవరు విప్పగలరు? మెకానిక్‌ని సూటిగా అడగండి. ఈ ఏడాది ఇలాంటివి ఎన్ని బాగుచేశావు? పంపు కిట్టు ఏ ఊర్లో దొరుకుతుంది? ఎన్ని రోజుల్లో వస్తుంది? దమ్ము మధ్యలో విడిభాగం కోసం వారం ఆగితే కిరాయి బేరాలన్నీ పక్కవాడికి పోతాయి. ఒకే గ్రూపు కంపెనీ అని భరోసా పడటమూ తప్పే. స్వరాజ్ 2007 నుంచి మహీంద్రా చేతిలో ఉంది, అయినా ఒకదాని భాగం ఇంకోదానికి పడుతుందనుకోలేం. 50 హెచ్‌పీ దాటిన బండ్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. అలాంటి ఇంజన్లలో డీజిల్ సరఫరాను ఎలక్ట్రానిక్స్ నడిపిస్తాయి. పాత పంపులు బాగుచేసే మెకానిక్‌కి స్పానర్లు ఉంటే చాలవు, స్కానర్ కావాలి.

అమ్మేవాడినీ ఇలాగే తూచాలి. షోరూం ఎక్స్ఛేంజ్ బండి అయితే సర్వీసు కార్డు అడగొచ్చు. ఫైనాన్స్ వాళ్లు స్వాధీనం చేసుకున్న బండ్లు ఉన్నవి ఉన్నట్టు అమ్ముతారు, నడిపి చూసే వీలు చాలాసార్లు ఉండదు. కన్సల్టెన్సీల్లో మంచివాళ్లూ ఉన్నారు. పాత యజమాని ఊరు చెప్పి, పనిముట్టు తగిలించనిస్తే సగం నమ్మొచ్చు. మిగతా సగం కాగితాల్లో ఉంటుంది. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరుంటే అప్పు తీరినట్టు ఎన్‌వోసీ, ఫారం 35 చేతికి రావాలి. ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నదీ ఆర్‌సీలో ఉన్నదీ ఒకటే కావాలి.

మామయ్య రైతు బండే కొన్నాడు. రెండు సార్వాలు, రెండు దాళ్వాలు గడిచాయి. లిఫ్ట్ సీళ్లు ఒకసారి మార్చాం, ఊళ్లోనే, ఒక్క పూటలో. మీరు కొనబోయే బండి ఏ కంపెనీదైనా సరే, నూనె వేడెక్కి, రోటావేటర్ పది నిమిషాలు గాల్లో నిలిచాకే బయానా జేబులోంచి తీయండి.