మూడు నోటు పుస్తకాలు, ఒకే పేజీ

విజయవాడలో మా పక్క వాటాలో ఉండే అమ్మాయి నలభై ఏళ్లు దగ్గర పడుతుండగా కర్ణాటక సంగీతం మొదలుపెట్టింది. మూడేళ్లలో ముగ్గురు గురువులు మారారు. మొదటావిడ పదిమంది పిల్లలతో కలిపి పాడించేవారు. రెండో ఆయన ఇంటికొచ్చి చెప్పేవారు. మూడో ఆవిడ ఫోన్లో వీడియో పాఠం చెబుతారు. ముగ్గురి దగ్గరా పాఠం 'స రి గ మ' నుంచే మొదలైంది. ఇప్పుడు నాలుగో గురువు కోసం వెతుకుతోంది.

ఎదురింటి మామ్మగారు చిన్నప్పుడు వీణ నేర్చుకున్నారు. ఆవిడ వీధి అరుగు మీద కూర్చుంటే ఈ సాధనంతా వినబడుతుంది. ఒక సాయంత్రం పిలిచి, "అమ్మాయ్, నీ సంగీతం పుస్తకాలు ఓసారి పట్రా, చూద్దాం" అన్నారు.

మూడు నోటు పుస్తకాలు వచ్చాయి. సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాల మొదటి పేజీ. ఆ తర్వాత మూడింట్లోనూ తెల్ల కాగితాలే.

"ముగ్గురూ ఇక్కడే ఆపేశారా, నువ్వే ఆగిపోయావా?" అని అడిగారు మామ్మగారు.

"మూడో కాలం రాగానే 'మళ్లీ, మళ్లీ' అంటారండీ. ఏం తప్పో అర్థం కాదు. చెప్పే పద్ధతే బాలేదనిపిస్తుంది."

"అయితే నాకోసారి పాడి వినిపించు."

మొదటి సరళీ వరసలో ఎక్కడానికి ఎనిమిది స్వరాలు, దిగడానికి ఎనిమిది. ఆది తాళంలో మొదటి కాలంలో దెబ్బకొక స్వరం కాబట్టి అది రెండు ఆవర్తాలు పడుతుంది. రెండో కాలంలో దెబ్బకు రెండు స్వరాలు, ఒకే ఆవర్తం. మూడో కాలంలో దెబ్బకు నాలుగు, అంటే సగం ఆవర్తంలోనే అయిపోతుంది. మొదటి రెండు కాలాలూ ఆమె బాగానే పాడింది. మూడో కాలంలో దిగేటప్పుడు ఏదో జారింది.

మామ్మగారు తంబురా శ్రుతి పెట్టించి, పంచమం మీద నిలబెట్టి, మెల్లగా 'ప ద ప' అనమన్నారు. ధైవతం పంచమాన్ని ఆనుకుని ఉండాల్సింది, పైకి లేచిపోయింది. దోషం అక్కడే ఉంది.

తొలి పాఠాలు చెప్పే మాయామాళవగౌళలో 'స-రి', 'గ-మ', 'ప-ద', 'ని-స' జంటలు బాగా దగ్గరగా ఉంటాయి. రి నుంచి గ కి, ద నుంచి ని కి పెద్ద ఎడం. నెమ్మదిగా పాడితే ఆ ఎడాన్ని గొంతు జాగ్రత్తగా దాటుతుంది. వేగం పెరగ్గానే మెట్లన్నీ సమానం చేసుకోవాలని చూస్తుంది. అప్పుడు ధైవతం పైకి లేస్తుంది. మూడో కాలం కొత్తగా తెచ్చిన తప్పు కాదిది. మొదటి కాలంలో కొద్దిగా ఉన్నదాన్ని బయటపెట్టిందంతే.

"ఈ వరసలు పురందరదాసులవారి పద్ధతిలో ఇంచుమించు అందరూ ఒకలాగే చెబుతారమ్మా. గురువుకీ గురువుకీ తేడా వర్ణాలూ కృతులూ వచ్చాక తెలుస్తుంది. ఇక్కడ మారితే నీకు కొత్త పాఠం రాదు, పాత తప్పే కొత్త పుస్తకంలోకి ఎక్కుతుంది" అన్నారు మామ్మగారు.

అలాగని ఆమెనే పూర్తిగా తప్పుపట్టలేదు. "మొదటావిడ దగ్గర పదిమందిలో నీ ధైవతం ఒక్కటీ విడిగా వినబడి ఉండదు. రెండో ఆయన్ని మానేయడం మంచిదే అయింది. ఆయన ఒకటిన్నర శ్రుతిలో పాడుతూ నిన్నూ అందులోనే పాడించేవాడు. ఆడవాళ్ల గొంతు చాలామందికి అయిదు, అయిదున్నర దగ్గర నిలుస్తుంది. ఒకటిన్నరలో నీకు కింది స్వరాలు గాలి అయిపోయేవి. శ్రుతి కుదరకపోతే మారాల్సిందే. తప్పు ఎక్కడో వేలుపెట్టి చూపించకపోయినా మారొచ్చు. ఇప్పటావిడను ఎప్పుడైనా అడిగావా?"

అడగలేదు.

"అడుగు. రోజూ పావుగంట 'ప ద ప', 'స ని ద ప' మొదటి కాలంలోనే పాడు. ధైవతం దగ్గర ఆగి పంచమంతో పోల్చుకో. రికార్డు చేసి మర్నాడు విను, పాడేటప్పుడు మన తప్పు మనకు వినబడదు. అది నిలిచాకే రెండో కాలం."

ఆ వారం ఆమె గురువుగారిని అడిగింది. "అదే నేనూ అంటున్నాను, ధైవతం దించమని" అన్నారట ఆవిడ. 'మళ్లీ' అన్న మాటకు అర్థం ఇన్నాళ్లకు తెలిసింది.

నాలుగో పుస్తకం కొనలేదు. మూడో దాంట్లోనే అలంకారాలు ఏడూ నిండాయి. ఆ తర్వాతి పేజీలో మలహరి గీతం వచ్చింది. మలహరిలో నిషాదం లేదు, దిగేటప్పుడు పై షడ్జం నుంచి నేరుగా ధైవతం మీదికే దూకాలి. మొన్న సాయంత్రం పక్క వాటాలోంచి 'స ద ప' వినబడింది. అరుగు మీద మామ్మగారు తాళం వేస్తున్న చెయ్యి ఆపి విన్నారు. మళ్లీ తాళం అందుకున్నారు.