గేదె ఓటీపీ అడిగితే అందరూ ఎందుకు నవ్వుతారు?

పాడి ఉన్న ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. గేదెకు ఒక చెయ్యి అలవాటయితే వేరే చేతికి తొందరగా చేపదు. పాలు తీసే ఆడమనిషి ఊరెళితే, ఇంట్లో మొగోడు ఆమె చీర కప్పుకుని పొదుగు దగ్గర కూచోవడం మన డెల్టా ఊళ్లలో పాత ఉపాయమే. దీని మీద నేను మీటింగుల్లో ఒక జోకు చెబుతుంటా.

పెద్దమ్మ ఊరెళ్లింది. పెదనాన్న చెంబు పట్టుకుని గేదె దగ్గరికి పోయాడు. గేదె ఆయన్ని పైనుంచి కిందదాకా చూసి పాలు బిగబట్టింది. ఆయన లోపలికిపోయి పెద్దమ్మ చీర కప్పుకొచ్చాడు. గేదె చీర వాసన చూసి, "చీర సరే, ఓటీపీ ఏదీ?" అంది.

అంతే జోకు. తెనాలి పక్కన పాలకేంద్రం దగ్గర రైతులకు చెప్పా, నవ్వారు. బాపట్లలో కాలేజీ పిల్లలకు చెప్పా, నవ్వారు. రేపల్లె వైపు చేపలు, రొయ్యల పని చేసే ఆడవాళ్లకు చెప్పా, వాళ్లు ఇంకా ఎక్కువ నవ్వారు. ఈ మూడు గుంపులూ మామూలుగా ఒకే మాటకు నవ్వే గుంపులు కావు. రాజకీయం మీద జోకేస్తే సగం మంది మొహం మాడ్చుకుంటారు. పెళ్లాం మీద జోకేస్తే ఆడవాళ్లు లేచిపోతారు, పోవాలి కూడా. మరి గేదె జోకు మాత్రం అందరికీ ఎట్టా పట్టింది? స్టేజీ ఎక్కేవాళ్లకీ రీల్సు చేసే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఇది పనికొచ్చే విషయం. అందుకే కొంచెం విప్పి చెబుతా.

మొదటి సంగతి, జోకు కింద నిజం ఉండాలి. గేదె పాలు బిగబట్టడం కల్పన కాదు. దూడ మూతి పెట్టినా, తెలిసిన చెయ్యి చన్నులు నిమిరినా ఆ కబురు గేదె మెదడుకు పోద్ది. అక్కడ ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి వచ్చి, పొదుగు లోపల పాలు నిండిన సన్నటి తిత్తులను పిండుద్ది. దాన్నే మనం చేపడం అంటాం. గేదెకు పాలన్నీ దాదాపు ఆ తిత్తుల్లోనే ఉంటాయి. చన్నుల పైన ఊరికే నిలవుండేది చాలా కొద్ది. కొత్త మనిషిని చూసి బెదిరితే ఆ పిండుడు ఆగిపోద్ది, ఎంత లాగినా చెంబు అడుగు తడవదు. గేదెకు పెదనాన్న మీద కోపమేమీ లేదు. దాని ఒంటికి భరోసా రాలేదు, అంతే.

ఈ నిజం తెలిసినవాడికి జోకు సగం తనే చెప్పుకున్నట్టు ఉంటది. తెనాలి రైతులు ఓటీపీ మాట దాకా ఆగలేదు, గేదె పైనుంచి కిందదాకా చూసిందన్న చోటే నవ్వారు. వాళ్లకా చూపు తెలుసు. అదే జోకులో "గేదె డాన్సు చేసింది" అని పెట్టామనుకోండి, ఎవరూ నవ్వరు. అది గేదె చేసే పని కాదు. జంతువు చేసే పని జంతువు చేస్తూనే ఉండాలి, మనం దానికి మనిషి పేరు మాత్రమే తగిలించాలి. పిల్లి చేపల బుట్ట దగ్గరకొచ్చి రెండు చేపలు వాసన చూసి వెళ్లిపోవడం నిజం. "ఐసు పెట్టినయ్యి మాకొద్దు" అని వెళ్లిపోయిందనడం మన తగిలింపు. ఇక్కడ నవ్వంతా తగిలింపు ఎంత బాగా అతికిందన్న దాంట్లోనే ఉంది.

రెండో సంగతి, నవ్వు నిజానికి జంతువు మీద కాదు. ఫ్రాన్సులో బెర్గ్‌సన్ అనే తత్వవేత్త 1900లో నవ్వు మీద ఒక పుస్తకం అచ్చేశాడు. మనుషులకు సంబంధం లేని చోట నవ్వు లేదనీ, జంతువును చూసి నవ్వామంటే అందులో మనిషి పోకడ ఏదో కనపడబట్టేననీ అందులో ఆయన వాదన. ఓటీపీ అడిగిన గేదెలో మనకు కనపడింది ఎవరు? ఇక్కడే మూడు ఊళ్లకూ తేడా వచ్చింది. బాపట్ల పిల్లలకు ఫోన్లో బ్యాంకు యాప్ కనపడింది. రేపల్లె ఆడవాళ్లకు వేలిముద్ర మిషను కనపడింది. రొయ్య వలిచీ వలిచీ వేళ్ల గీతలు అరిగిపోతే రేషను దగ్గర, పింఛను దగ్గర మిషను ముద్ర పట్టుకోదు. తుడుచుకుని మళ్లీ పెట్టాలి, రేపు రమ్మంటే మళ్లీ పోవాలి. జోకు అయ్యాక వాళ్లలో ఒక పెద్దామె అంది, "ఆ గేదే నయం బాబూ, చీరన్నా గుర్తుపట్టుద్ది. ఆ మిషను మా వేలే గుర్తుపట్టదు."

నేను గంటసేపు ఉపన్యాసం చెప్పినా ఆ మాట వచ్చేది కాదు. జోకులో నేను మిషను పేరే ఎత్తలేదు, ఎవర్నీ తిట్టలేదు. గేదెను అక్కడ నిలబెట్టా, వినేవాళ్లు ఎవరికి కావాల్సినవాళ్లను వాళ్లు ఆ గేదెలో పెట్టుకున్నారు. గేదెకు కులం లేదు, ఇంటిపేరు లేదు, పార్టీ లేదు. కాబట్టి ఎవరూ మమ్మల్నే అన్నాడని లేవరు. ఒకడి వైపు వేలు చూపకుండా అందరికీ తెలిసిన పోకడను చూపడం మనిషి పాత్రతో కష్టం. మనిషి అనగానే ఆడా మగా, ఏ ఊరు, ఏ వాడ అని మన బుర్ర లెక్కేసుద్ది.

తెనాలి రామకృష్ణుడి పేరు మీద తిరిగే పిల్లి కథ కూడా ఇట్టాంటిదే. అది చరిత్ర కాదు, జనం నోట్లో నలిగిన కథ. ఎలుకల బెడద పోవాలని రాయలవారు ఇంటికో పిల్లినిచ్చి, దానికి పాలు పోయడానికి ఆవునూ ఇచ్చాడు. రామకృష్ణుడు మొదటిరోజే సలసల కాగే పాలు పిల్లి ముందు పెట్టాడు. మూతి కాలిన పిల్లి మళ్లీ పాల జోలికి పోలేదు. పాలన్నీ ఇంట్లోవాళ్లు తాగారు. తనిఖీ రోజున అందరి పిల్లులూ బలిసి ఉంటే, ఈయన పిల్లి బక్కచిక్కి, పాలగిన్నె చూడగానే పరిగెత్తింది.

ఆ పిల్లి చేసింది పిల్లి పనే. కాలిన చోటికి పోకపోవడం ఏ జంతువుకైనా ఉన్న తెలివి. కానీ రాజుగారి ముందు పాలు వద్దని పారిపోయే పిల్లి, సర్కారు సాయం చూసి దణ్ణం పెట్టి పోయే మనిషిలాగా కనపడుద్ది. కథ నవ్వించేది పిల్లిని కాదు, పిల్లికి పాలు, పాలకు ఆవు, ఆవుకు లెక్క అన్న ఏర్పాటును. పెద్దోళ్ల ఏర్పాటును పేరు పెట్టి ఎగతాళి చేస్తే చెప్పేవాడికి ప్రమాదం. పిల్లిని మధ్యలో పెడితే రాజూ నవ్వుతాడు, పేదోడూ నవ్వుతాడు.

ఇప్పుడు ఇది ఎక్కడ చెడుద్దో చెప్పాలి. జంతువుకు మనిషి అలవాటు పెడితే జోకు. మనిషికి జంతువు పేరు పెడితే తిట్టు. రెండూ ఒకటేలే అనుకుని చాలామంది ఇక్కడే జారిపోతారు. గంగిరెద్దు తల ఊపితే, "అయ్యగారు ఏమడిగినా సరేనంటది, పంచాయతీ మెంబరు లాగా" అన్నామంటే ఊరంతా నవ్వుద్ది. అదే ఒక మెంబరు పేరు చెప్పి వాణ్ణి గంగిరెద్దు అంటే అది కొట్లాట. ఎద్దును ఆడించి పొట్టపోసుకునే వాళ్ల కులాన్ని ఆ జోకులోకి లాగితే అది కొట్లాట కంటే చెడ్డది. మన దగ్గర కొన్ని కులాల వాళ్లను జంతువుల పేర్లు పెట్టి పిలిచిన చరిత్ర ఉంది. ఆ పిలుపు పడ్డవాళ్లకు అది జోకుగా వినపడదు, ఎప్పటికీ వినపడకూడదు కూడా.

దీనికి నేను వాడే పరీక్ష ఒకటుంది. జోకులో జంతువును తీసేసి, మన ఊళ్లో ఎవరన్నా ఒక్క మనిషే ఆ ఖాళీలో సరిపోతాడా చూడండి. ఒక్కడే సరిపోతే అది ముసుగేసిన తిట్టు. పదిమంది సరిపోతే, అందులో మీరు కూడా సరిపోతే, చెప్పొచ్చు. గేదె ఓటీపీ జోకులో నేనూ సరిపోతా, కొత్త మనిషిని చూస్తే నేనూ బిగబట్టుకుంటా.

రెండోది, జోకును నిజమని నమ్మడం. చెప్పు కొరికి "తప్పయిపోయింది" అన్నట్టు తల వంచిన కుక్క వీడియోలు మీరు చూసే ఉంటారు. అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో 14 పెంపుడు కుక్కల మీద దీన్ని పరీక్షించి ప్రచురించింది. తినొద్దన్న తిండిని కుక్క తిన్నదా లేదా అన్నదానికీ ఆ చూపుకూ సంబంధం కనపడలేదు. యజమాని కసిరితే ఆ చూపు వచ్చింది, తప్పు చెయ్యని కుక్క కూడా కసిరితే అట్టాగే చూసింది. అంటే అది పశ్చాత్తాపం కాదు, కసురుడికి బెదురు. జోకుగా నవ్వుకోవచ్చు. కానీ చేసిన తప్పు దానికి తెలుసని నమ్మి కొట్టామంటే, మన జోకుకు అది దెబ్బలు తింటన్నట్టు. అట్టాగే రీలు కోసం కోతికి లంగా కట్టడం, కుక్కకు బీరు తాగించడం. అక్కడ జంతువు తన పని చెయ్యడం లేదు, మనం బలవంతంగా చేయిస్తన్నాం. కోతిని ప్రదర్శనలకు వాడకూడదని 1998 నుంచి కేంద్ర ప్రభుత్వ నిషేధం కూడా ఉంది.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా జోకు పట్టని మనిషి ఒకడుంటాడు. ఒకసారి గేదె జోకుకు అందరూ నవ్వుతుంటే ఒకాయన కదల్లేదు. తర్వాత కనుక్కుంటే ఆ వారమే ఆయన గేదె చచ్చిపోయింది, అప్పు ఇంకా తీరలేదు. వీధికుక్క కరిచి సూదులేయించుకుంటన్న పిల్లాడి తల్లి ముందు కుక్క జోకూ అంతే. జంతువుకు కులం లేదు గానీ ఖరీదు ఉంది, కోరలున్నాయి. అందుకే ఇప్పుడు కొత్త ఊళ్లో గేదె జోకు ఎత్తే ముందు, ఈ మధ్య ఇక్కడ గొడ్లకు జబ్బేమన్నా వచ్చిందా అని ఒకమాట అడుగుతా.