మిద్దె తోటకు నారు కొనేముందు ఏం చూడాలి?

మిద్దె మీద టమాటా నాటిన చాలామందికి ఒకే అనుభవం ఎదురవుతుంది. నర్సరీ నుంచి తెచ్చినప్పుడు మొక్క పచ్చగా, నిటారుగా ఉంటుంది. నాటిన రెండు మూడు వారాలకు చివరి ఆకులు చిన్నబోయి, పైకి ముడుచుకుని, అంచులు పసుపు తిరుగుతాయి. ఎదుగుదల ఆగిపోతుంది. పూత వచ్చినా నిలవదు. బలం చాలలేదేమోనని వర్మీకంపోస్టు వేస్తారు, వేపనూనె పిచికారీ చేస్తారు, మట్టి మారుస్తారు. ఏం చేసినా ఆ మొక్క కోలుకోదు. ఎందుకంటే అది ఆకుముడత వైరస్. చాలాసార్లు అది మిద్దె మీద అంటుకున్నదీ కాదు. నర్సరీలోనే అంటుకుని, నారుతో పాటు ఇంటికి వస్తుంది.

ఈ వైరస్‌ను మొక్క నుంచి మొక్కకు మోసేది తెల్లదోమ. మిల్లీమీటరు పొడవు కూడా సరిగ్గా ఉండని పురుగు. వైరస్ ఉన్న దోమ లేత నారు మీద వాలి రసం పీల్చాక, ఆ జబ్బు ఆకుల్లో కనబడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. నారు అమ్ముడయ్యేది సరిగ్గా ఆ మధ్య కాలంలోనే. కాబట్టి మొక్కను ఎంత పరీక్షగా చూసినా ఈ జబ్బును పట్టుకోలేకపోవచ్చు. మొక్క కంటే ముందు అది పెరిగిన చోటు చూడాలి. మంచి నర్సరీని గుర్తించడంలో అసలు కిటుకు ఇదే.

ఏది విత్తనం, ఏది నారు?

అన్నిటికీ నర్సరీకి వెళ్లనక్కర్లేదు. బెండ, చిక్కుడు, గోరుచిక్కుడు, బీర, సొర, కాకర, ఆకుకూరలన్నీ నేరుగా విత్తనం పెట్టుకోవాల్సినవే. ముఖ్యంగా తీగజాతి మొక్కల వేర్లు కదిలిస్తే ఓర్చుకోవు. పాలిథీన్ కవరులో రెండడుగుల సొర తీగను అమ్మితే కొనకండి. అదే రోజు కుండీలో గింజ పెడితే, అది మొలిచి కొద్ది వారాల్లోనే ఆ తీగను అందుకుంటుంది.

నారు కావాల్సింది టమాటా, వంగ, మిరప, క్యాబేజీ, కాలీఫ్లవర్, ఉల్లి వంటి వాటికి. వైరస్ బెడద ఎక్కువగా ఉండేది టమాటాకు, మిరపకు. కాబట్టి నర్సరీని ఎంచుకునేటప్పుడు ఈ రెండింటినీ దృష్టిలో పెట్టుకుంటే చాలు.

మరో మాట. పెద్ద పేరున్న నర్సరీ అయినంత మాత్రాన కూరగాయల నారు మంచిదని చెప్పలేం. తూర్పుగోదావరి జిల్లా కడియం నర్సరీలకు దేశమంతటా పేరుంది. అయితే ఆ పేరు ప్రధానంగా పూల మొక్కలకు, అలంకరణ మొక్కలకు, పండ్ల మొక్కలకు వచ్చింది. కూరగాయల నారు పద్ధతే వేరు. నెల రోజుల్లో పెంచి, అమ్మి, ట్రేలు శుభ్రం చేసి మళ్లీ నింపాలి. ఊళ్లలో రైతులకు వేల సంఖ్యలో నారు పెంచి ఇచ్చే షేడ్‌నెట్ నర్సరీలకు అది రోజువారీ పని. అలాంటి చోట ఒక ట్రే, అర ట్రే అడిగినా ఇచ్చేవాళ్లుంటారు. నగరంలో గులాబీల పక్కన పది టమాటా మొక్కలు పెట్టి అమ్మేచోటి కంటే అక్కడికి వెళ్లడం మేలు.

పచ్చ వల వేరు, తెల్ల వల వేరు

నర్సరీలోకి అడుగుపెట్టగానే తలెత్తి పైకి, తర్వాత పక్కలకు చూడండి. పైన పచ్చటి షేడ్‌నెట్ మాత్రమే ఉంటే అది ఎండను తగ్గిస్తుంది, పురుగును ఆపదు. దాని కన్నాల్లోంచి తెల్లదోమ తేలిగ్గా దూరిపోతుంది. ఇళ్లలో వాడే దోమతెరను కూడా అది దాటేస్తుంది. తెల్లదోమను ఆపాలంటే అంగుళానికి నలభై కన్నాలుండే సన్నటి వల కావాలి. వ్యాపారంలో దీన్ని 40 మెష్ ఇన్‌సెక్ట్ నెట్ అంటారు. చూడటానికి తెల్లగా, పల్చటి బట్టలా ఉంటుంది. నాలుగు పక్కలా ఈ వల నేల దాకా దిగి, తలుపు కూడా మూసి ఉంటే ఆ నర్సరీ వైరస్ సంగతి తెలిసి నడుపుతున్నదని అర్థం. ఒకదాని తర్వాత ఒకటి రెండు తలుపులుంటే ఇంకా మంచిది.

లోపల పసుపు రంగు జిగురు అట్టలు వేలాడుతుంటాయి. తెల్లదోమకు పసుపు రంగంటే ఆకర్షణ. వచ్చి అతుక్కుంటుంది. ఒక అట్టను దగ్గరగా చూడండి. చిన్న చిన్న తెల్లటి చుక్కలు దండిగా కనబడితే లోపల దోమ ఉన్నట్టే. ఆ నారు ఎంత కళగా ఉన్నా వదిలేయండి.

ట్రే లోంచి తీసి చూడండి

మంచి నర్సరీలు నారును ప్రోట్రేల్లో పెంచుతాయి. తొంభై ఎనిమిది గుంటలుండే ట్రేలు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. గుంటల్లో మట్టికి బదులు కొబ్బరిపొట్టు నింపి, గుంటకో గింజ వేస్తారు. మట్టి లేకపోవడం వల్ల నేలలో ఉండే నులిపురుగులు, నారుకుళ్లు తెగులు చాలావరకు తప్పుతాయి. నాటేటప్పుడు వేరు తెగదు. నారుమడి నుంచి పీకి కట్టలు కట్టి అమ్మే నారుతో ఈ రెండు మేళ్లూ ఉండవు.

అడిగి ఒక మొక్కను గుంటలోంచి బయటికి తీయించండి. కాండం పట్టుకుని లాగకుండా, ట్రే అడుగున వేలితో నొక్కితే కొబ్బరిపొట్టు ముద్ద మొత్తంగా వస్తుంది. దాని చుట్టూ తెల్లటి వేళ్లు అల్లుకుని ఉంటే నారు సరైన వయసులో ఉంది. ముద్ద విడిపోయి పొట్టు రాలిపోతే ఇంకా లేత నారు. వేళ్లు గోధుమ రంగుకు తిరిగి, అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటే ముదిరింది. అలాంటిది కుండీలో పెట్టినా చాలాకాలం గిడసబారే ఉంటుంది. ట్రేలో పెంచిన టమాటా ఇరవై ఒకటి నుంచి ఇరవై ఐదు రోజులకు, వంగ ముప్పై రోజులు దాటాక, మిరప ముప్పై ఐదు నుంచి నలభై రోజులకు నాటడానికి వస్తాయి. విత్తిన తేదీ అడగండి. పద్ధతిగా నడిచే నర్సరీలో ఆ తేదీ ట్రే మీదో, పుస్తకంలోనో రాసి ఉంటుంది.

పొడవాటి మొక్కను చూసి మోసపోకండి. వెలుతురు చాలక సాగిన నారు పాలిపోయి, సన్నగా, ఆకుకూ ఆకుకూ మధ్య ఎడంగా ఉంటుంది. జానెడు లోపు ఎత్తు, గట్టి కాండం, నాలుగైదు ముదురాకుపచ్చ ఆకులుంటే చాలు. అప్పటికే పూతకు వచ్చిన మొక్క వద్దు. ఆకు తిప్పి అడుగున చూడండి. మిరపలో ఆకులు పడవలా పైకి ముడిస్తే తామరపురుగు, కిందికి ముడిస్తే నల్లి పట్టినట్టు.

ఇంటికి తెచ్చాక వెంటనే పాత మొక్కల మధ్య పెట్టొద్దు. వారం రోజులు విడిగా, పక్కన ఒక పసుపు అట్ట పెట్టి గమనించండి. మొదట్లో ఉదయపు ఎండలో కాసేపు ఉంచి, రోజురోజుకూ ఆ సమయం పెంచండి. వల నీడలో పెరిగిన నారు మిద్దె ఎండకు ఒక్కసారిగా తట్టుకోలేదు. నాటడం సాయంత్రం పూటే మంచిది.

విత్తన ప్యాకెట్టు వెనకవైపు

ప్యాకెట్టు ముందువైపు కాయల బొమ్మ ఉంటుంది. చదవాల్సింది వెనకవైపు. రకం పేరు, లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ ఉండాలి. ధ్రువీకరించిన విత్తనానికి గడువు పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలలు. మన దేశ విత్తన ప్రమాణాల ప్రకారం టమాటా, వంగకు కనీసం డెబ్బై శాతం, బెండకు అరవై ఐదు, మిరపకు, సొరకు అరవై శాతం మొలక రావాలి. ఏ వివరమూ లేకుండా చిన్న ప్లాస్టిక్ కవర్లలో మూటగట్టి అమ్మే విత్తనం ఏ ఏడాదిదో కూడా తెలుసుకోలేం. ఉల్లి విత్తనమైతే ఏడాది తిరిగేసరికే జీవం కోల్పోతుంది.

అనుమానముంటే ఇంట్లోనే పరీక్షించవచ్చు. తడిపి పిండిన కాగితపు టవల్ మీద ఇరవై గింజలు పరిచి, చుట్టి, కవరులో పెట్టండి. టమాటా వారంలో, మిరప రెండు వారాల్లో తేలిపోతుంది. ఇరవైలో పద్నాలుగు మొలిస్తే డెబ్బై శాతం. పదికి తగ్గితే ఆ ప్యాకెట్టు మీద సీజన్ పోగొట్టుకోవద్దు. గులాబీ రంగు పూసిన గింజలకు శిలీంద్రనాశిని పట్టించి ఉంటుంది. చేతులు కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి.

గింజ దాచుకుని మళ్లీ విత్తాలనుకుంటే హైబ్రిడ్ వద్దు. రెండో తరంలో కాయలు ఒకేలా రావు. టమాటాలో పీకేఎం-1, అర్కా వికాస్, వంగలో భాగ్యమతి, బెండలో అర్కా అనామిక వంటి సూటి రకాలు తీసుకోండి. అర్కా అనామిక బెండలో పల్లాకు తెగులును తట్టుకునే రకంగా రూపొందింది. ఏటా కొత్త విత్తనం కొనేవాళ్లకు అర్కా రక్షక్ టమాటా హైబ్రిడ్ పనికొస్తుంది. ఆకుముడతతో పాటు వడలు తెగులు, ఆకుమాడు తెగుళ్లను తట్టుకునేలా బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ దాన్ని తయారుచేసింది. అర్కా రకాలన్నీ ఆ సంస్థవే. విత్తనాలను ఆన్‌లైన్‌లోనూ అమ్ముతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కూరగాయల పరిశోధన స్థానం, జాతీయ విత్తన సంస్థ, జిల్లాల్లోని కృషి విజ్ఞాన కేంద్రాలు కూడా అడగదగ్గ చోట్లు. నారు కోసం జీడిమెట్లలోని ఉద్యానశాఖ కేంద్రంలో విచారించండి. వెళ్లేముందు నిల్వ ఉందో లేదో కనుక్కోవడం మంచిది.

ఆరు కుండీల లెక్క

చలికాలం టమాటా కోసం ఆరు కుండీలున్నాయనుకుందాం. గ్రాము టమాటా విత్తనంలో మూడు వందల దాకా గింజలుంటాయి. అంటే రైతుల కోసం వచ్చే పది గ్రాముల ప్యాకెట్టు ఒక వీధికంతటికీ సరిపోతుంది. నలుగురు కలిసి కొనుక్కుని, మిగిలింది గాలి చొరని సీసాలో ఫ్రిజ్‌లో పెట్టుకోవడం తెలివైన పని. సెప్టెంబరు చివరి వారంలో పన్నెండు గింజలు అర సెంటీమీటరు లోతున వేయండి. డెబ్బై శాతం లెక్కన ఎనిమిది మొలకలు వస్తాయి. ఆరు నాటడానికి, రెండు చేతిలో ఉంచుకోవడానికి. ట్రే మీద 40 మెష్ వల ముక్కను గుడారంలా కప్పి, అంచులు కదలకుండా ఇటుకలతో అదిమితే అదే మీ సొంత నర్సరీ. అక్టోబరు మూడో వారానికి నారు సిద్ధం. సంక్రాంతికి కాయలు కోసుకోవచ్చు.

ఇంత ఓపిక లేకపోతే కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. కాకపోతే డబ్బిచ్చే ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఏ రకం విత్తనం? ఎప్పుడు విత్తారు? ఈ రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పి, వల తలుపు మూసి ఉంచే నర్సరీ దగ్గరే కొనండి.